ఐదు గంటల మాట: మా సర్వీస్ అడ్వైజర్‌తో గ్రో పద్ధతిలో చేసిన కోచింగ్

నేను విజయవాడలో ఒక కార్ల సర్వీస్ సెంటర్‌లో వర్క్స్ మేనేజర్‌ని. నా కింద నలుగురు సర్వీస్ అడ్వైజర్లు ఉన్నారు. వాళ్ళలో ఒకతన్ని ఫ్లోర్ మీద అందరూ చిన్నా అంటారు, ఇక్కడా అలాగే రాస్తాను. మూడేళ్ళ అనుభవం ఉంది, బండి చప్పుడు వినగానే జబ్బు పట్టేస్తాడు, కస్టమర్లతో మాట తీరు బాగుంటుంది. ఒక్కటే తంటా: చెప్పిన టైముకి బండి ఇవ్వడు. సాయంత్రం ఐదు దాటితే అతని కౌంటర్ ముందు గొడవ తప్పదు.

మొదట నేనూ అందరు మేనేజర్లు చేసేదే చేశాను. కేబిన్‌లోకి పిలిచి, "అందరికీ ఐదు గంటలని చెప్పకు, కాస్త ఎక్కువ టైము పెట్టుకో" అన్నాను. "సరే సార్" అన్నాడు. రెండు రోజులు సరిగ్గానే నడిచింది, మూడో రోజుకి మళ్ళీ పాత పాటే. నెలలో ఇదే సలహా మూడుసార్లు ఇచ్చాక నాకు అనుమానం వచ్చింది. అతనికి తెలియని సంగతి నేనేమీ చెప్పడం లేదు. తెలిసినా ఎందుకు జరగడం లేదన్నదే నాకు తెలియదు. అప్పుడు, సలహా ఇవ్వకుండా ప్రశ్నలతోనే ఎదుటివాణ్ణి ఆలోచింపజేసే గ్రో పద్ధతిలో కూర్చుందామనుకున్నాను.

దీని పుట్టుక మా రంగానికి కాస్త చుట్టమే. 1980లలో బ్రిటన్‌లో దీన్ని తయారుచేసిన వాళ్ళలో గ్రాహం అలెగ్జాండర్, అలన్ ఫైన్‌లతో పాటు జాన్ విట్‌మోర్ ఒకరు. ఆయన కార్ రేసర్, 1965లో యూరోపియన్ టూరింగ్ కార్ ఛాంపియన్. తరవాత అమెరికాలో టిమోతీ గాల్వే అనే టెన్నిస్ కోచ్ దగ్గర నేర్చుకున్నారు. గాల్వే చెప్పేది ఇది: "బంతిని చూడు" అని అరిస్తే ఆటగాడు బిగుసుకుపోతాడు. "బంతి నెట్ దాటేటప్పుడు ఎటు తిరుగుతోంది?" అని అడిగితే చెప్పకుండానే బంతిని చూస్తాడు. గ్రో మొత్తం ఈ తేడా మీదే నిలబడింది. జీ అంటే గోల్, ఆర్ అంటే రియాలిటీ, ఓ అంటే ఆప్షన్స్, డబ్ల్యూ అంటే విల్, అంటే ఏం చేస్తావు, ఎప్పుడు చేస్తావు అన్న మాట. అక్షరాలు గుర్తుపెట్టుకోవడం తేలికే. అడిగే ప్రశ్న నిజంగా ప్రశ్నలా ఉంచడమే కష్టం.

కూర్చునే ముందు రెండు పనులు చేశాను. కేబిన్ వద్దనుకుని ట్రైనింగ్ రూమ్ ఎంచుకున్నాను, ఎందుకంటే నా టేబుల్‌కి అవతలి కుర్చీలో కూర్చున్నవాడు సంజాయిషీ ఇస్తాడే తప్ప ఆలోచించడు. టైము మధ్యాహ్నం రెండున్నర పెట్టాను. పొద్దున రద్దీ అయిపోయి, సాయంత్రం డెలివరీలు ఇంకా మొదలుకాని వేళ అది. వచ్చేటప్పుడు కిందటి వారం జాబ్ కార్డులు ఇరవై పట్టుకు రమ్మన్నాను. బాగున్నవీ బాగోలేనివీ ఏరకుండా, వరసగా ఇరవై.

గోల్: "కంప్లైంట్లు రాకూడదు సార్"

టీ వచ్చాక మొదటి ప్రశ్న అడిగాను: "ఈ ముప్పావుగంట అయ్యేసరికి ఏం తేలితే, కూర్చున్నందుకు పనైంది అనుకుంటావు?"

"కంప్లైంట్లు రాకూడదు సార్."

ఈ జవాబు ఇంచుమించు అందరూ ఇస్తారు. ఇందులో రెండు ఇబ్బందులున్నాయి. ఏం వద్దో చెప్పాడు గానీ ఏం కావాలో చెప్పలేదు. పైగా కంప్లైంట్ చెయ్యడం, మానడం కస్టమర్ చేతిలో పని, చిన్నా చేతిలోది కాదు. అలాగని "లక్ష్యం అలా పెట్టుకోకూడదు" అంటే మళ్ళీ పాఠం మొదలవుతుంది. అందుకని ఇలా అడిగాను: "సరే, కంప్లైంట్లు లేని సాయంత్రం ఒకటి వచ్చిందనుకో. ఐదున్నరకి నువ్వు ఎక్కడుంటావు, ఏం చేస్తుంటావు?"

కాసేపు ఆగి నవ్వాడు. "కౌంటర్‌లో ఉంటాను సార్. ఇప్పుడైతే ఆ టైముకి స్పేర్స్ రూమ్‌లోకి వెళ్ళిపోతున్నాను."

ఆ సంగతి నాకు తెలియదు. ఐదున్నరకి అతను కనపడకపోతే విడిభాగాల కోసం తిరుగుతున్నాడనుకున్నాను. దాక్కుంటున్నాడని ఆరోజే తెలిసింది. నేనేమీ అనలేదు. ఆ క్షణంలో ఒక్క ముక్క "అదేంటి" అన్నా మిగతా అరగంట నేనొక్కణ్ణే మాట్లాడాల్సి వచ్చేది.

అక్కణ్ణించి ఇంకో రెండు ప్రశ్నలతో గోల్ ఒక రూపానికి వచ్చింది. "ఎన్ని బండ్లు చెప్పిన టైముకి వెళితే నువ్వు కౌంటర్‌లో నిశ్చింతగా కూర్చోగలవు?" అంటే పదిలో ఎనిమిది అన్నాడు. "అయిందో లేదో నీకూ నాకూ ఎలా తెలుస్తుంది?" అంటే జాబ్ కార్డు మీద రాసిన టైము, గేట్ పాస్ మీది టైము పక్కపక్కన పెట్టి చూద్దామన్నాడు. గడువు నెల రోజులు. ఆ రెండు టైములూ పోల్చాలన్న ఆలోచన అతనిదే. నేనైతే ఫీడ్‌బ్యాక్ మార్కులు అనేవాణ్ణి.

ఈ దశలో నాకు పనికొచ్చే ప్రశ్నలు ఇవి:

- ఇవాళ మనం దేని గురించి తేల్చుకుందాం?
- అది కుదిరిందనుకో, రోజు ఎలా మారుతుంది?
- అందులో నీ చేతిలో ఉన్నదెంత?
- ఎప్పటికల్లా? అయిందని ఎలా గుర్తుపడతాం?

"నీ లక్ష్యం ఏమిటి?" అని మాత్రం నేను అడగను. మన దగ్గర ఆ మాట వినగానే ఇంటర్వ్యూకి వచ్చినట్టు వెన్ను నిటారుగా పెట్టుకుని, మనకి నచ్చే జవాబే చెప్తారు.

రియాలిటీ: మూడు గుట్టలు

ముప్పావుగంటలో సగం ఇక్కడే పోయింది, పోనివ్వాలి కూడా. చాలామంది దీన్ని రెండు నిమిషాల్లో దాటేసి ఆప్షన్లలోకి దూకేస్తారు. సమస్య ఏంటో ఇద్దరికీ తెలుసని వాళ్ళ ధీమా.

"ఈ ఇరవైలో టైముకి వెళ్ళినవి ఎన్ని?" అని అడిగాను. లెక్కపెట్టి ఏడు అన్నాడు. ఆ ఏడూ పక్కన పెట్టాం. "మిగతా పదమూడూ ఎక్కడ ఆగాయి?"

"మెకానిక్‌ల దగ్గరే సార్. ఫ్లోర్ స్లో."

ఇక్కడే నా నాలుక దురద పెట్టింది. ఫ్లోర్ నాది, స్లో కాదని నాకు తెలుసు. వాదించకుండా, "ఒక్కో కార్డూ తీసి, ఎక్కడ ఆగిందో దాన్నిబట్టి గుట్టలుగా పెట్టు" అన్నాను. మొదటి కార్డు మెకానిక్ గుట్టలో పెట్టబోయి ఆగాడు. అది పీరియాడిక్ సర్వీస్‌కి వచ్చిన బండి. పదకొండూ నలభైకి లిఫ్ట్ మీద చూసిన మెకానిక్, ముందు బ్రేక్ ప్యాడ్లు అరిగిపోయాయని రాశాడు. కొత్త ప్యాడ్ పది, పన్నెండు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. ఇవి మూడుకి దిగాయి, మార్చక తప్పదు. కానీ ఎస్టిమేట్‌లో లేని పని కాబట్టి కస్టమర్ ఒప్పుకోవాలి.

"పదకొండూ నలభైకి తెలిసింది. నువ్వు ఫోన్ ఎప్పుడు చేశావు?"

ఫోన్ తీసి కాల్ లిస్ట్ వెతికాడు. "పన్నెండూ యాభైకి సార్. కౌంటర్‌లో ఉన్నాను, చీటీ చూసుకోలేదు."

"తరవాత?"

"ఎత్తలేదు సార్. రెండూ ఇరవై ఐదుకి ఆయనే చేశారు."

"అప్పటిదాకా బండి ఎక్కడుంది?"

"లిఫ్ట్ మీదే."

ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. ఆ కార్డుని మెకానిక్ గుట్టలోంచి తీసి విడిగా పెట్టాడు. ఒప్పుకోలు వచ్చాక ప్యాడ్లు మార్చడానికి పట్టింది ముప్పావుగంట. కానీ బండి వాషింగ్‌కి వెళ్ళేసరికి అక్కడ వరస పెరిగింది. ఐదుకని చెప్పిన బండి ఆరూ ఇరవైకి గేటు దాటింది.

పదమూడు కార్డులూ అయ్యేసరికి ఒప్పుకోలు కోసం ఆగినవి ఎనిమిది, వాషింగ్ దగ్గర ఆగినవి మూడు, విడిభాగాలు లేక ఆగినవి రెండు. మెకానిక్ గుట్ట ఖాళీ. "ఫ్లోర్ స్లో కాదు" అని నేను గొంతు చించుకున్నా అతను నమ్మేవాడు కాదు. తన చేత్తో తనే కార్డులు జరిపాడు కాబట్టి ఇక నమ్మించాల్సిన పని లేకపోయింది.

ఇంకో సంగతి నన్ను తొలుస్తూనే ఉంది. ఇరవైలో పద్నాలుగు కార్డుల మీద సాయంత్రం ఐదు అనే రాసుంది. "ఈ ఐదు ఎవరు అడిగారు?" అన్నాను.

"ఎవరూ అడగలేదు సార్. నేనే అంటాను. పొద్దున తొమ్మిదిన్నరకి పదిమంది నిలబడి ఉంటారు. ఐదు అంటే సరే అని వెళ్ళిపోతారు. ఆరున్నర అంటే ఎందుకు, ఏమిటి అని పది నిమిషాలు."

నా మూడు సలహాలూ ఎందుకు నీళ్ళపాలయ్యాయో అప్పుడు అర్థమైంది. ఐదు గంటలనేది అతని అంచనా కానే కాదు, పొద్దున వరస కదలడానికి వాడే తాళంచెవి. టైము పెంచమని నేను చెప్పిన ప్రతిసారీ ఆ తాళంచెవి లాక్కుని, బదులుగా ఏమీ ఇవ్వకుండా పంపాను.

ఇక్కడ గోల్ దగ్గరకి వెనక్కి వెళ్ళాం. గ్రో ఒక దారిలో మొదలుపెట్టి చివరిదాకా నడిచి ముగించేది కాదు. రియాలిటీ తేలాక గోల్ మారడమే మామూలు. "పదిలో ఎనిమిది" అలాగే ఉంచి, దాని కింద ఇంకొకటి రాసుకున్నాడు: అదనపు పని బయటపడ్డ ఇరవై నిమిషాల్లోపు కస్టమర్ ఒప్పుకోలు. విట్‌మోర్ చివరి గోల్‌నీ పనితీరు గోల్‌నీ వేరుచేసింది ఇందుకే. మొదటిది పూర్తిగా మన చేతిలో ఉండదు, రెండోది చాలావరకు ఉంటుంది.

ఈ దశకి నా ప్రశ్నలు: "కిందటిసారి ఇలా అయినప్పుడు మొదటినుంచి ఏం జరిగింది?" "ఎన్నిసార్లు? ఏ టైముకి?" "ఇప్పటిదాకా ఏం చేసి చూశావు, దానివల్ల ఏమైంది?" "సరిగ్గా జరిగిన రోజు ఏం తేడా?" "ఎందుకు" అన్న మాట మాత్రం వీలైనంత వదిలేస్తాను. "ఎందుకు ఫోన్ చెయ్యలేదు?" అని అడిగితే తెలుగులో అది తిట్టే. "ఎప్పుడు చేశావు?" అంటే అతను కాల్ లిస్ట్ తీస్తాడు.

ఆప్షన్స్: "మీరే చెప్పండి సార్"

"ఇప్పుడేం చెయ్యొచ్చు?" అని అడగ్గానే మన ఆఫీసుల్లో వచ్చే జవాబే వచ్చింది: "మీరే చెప్పండి సార్."

ఇది బద్ధకం కాదు. పెద్దవాళ్ళ ముందు ముందుగా నోరు విప్పడం మర్యాద కాదని పెరిగినవాళ్ళం. పైగా సార్ మనసులో ఒక జవాబు పెట్టుకునే అడుగుతున్నాడన్న అనుమానం కూడా ఉంటుంది, అది తరచు నిజమే. నా దగ్గర నిజంగానే ఒక జవాబుంది: పొద్దున బండి తీసుకునేటప్పుడే కస్టమర్ ముందే లిఫ్ట్ ఎక్కించి కింద చూడాలని. దాన్నే ప్రశ్న ముసుగులో "పొద్దున్నే లిఫ్ట్ మీద చూస్తే బాగుంటుంది కదా?" అని అడిగితే "అవును సార్" అనేవాడు, పనైపోయేది, మర్నాటికి మర్చిపోయేవాడు. "కదా"తో ముగిసే ప్రశ్నలన్నీ ఇంతే, వాటికి ఒకటే జవాబు.

"నా దగ్గర ఒకటుంది, చివర్లో చెప్తాను. ముందు నువ్వు నాలుగు చెప్పు. పనికొస్తాయా రావా అని ఇప్పుడు చూడొద్దు" అన్నాను.

అందరికీ ఆరున్నర అని చెప్పడం ఒకటి. ఇంకో అడ్వైజర్‌ని పెట్టడం రెండు. మెకానిక్ చీటీ పంపకుండా ఫోటో తీసి నేరుగా తన వాట్సాప్‌కి పెట్టడం మూడు. అక్కడ ఆగిపోయాడు. "ఇంకా?" అన్నాను. ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. లోపల పది లెక్కపెట్టుకున్నాను. ఎనిమిది దగ్గర అతను అన్నాడు: "సార్, పొద్దున కార్డు రాసేటప్పుడే అడిగేస్తే? ఇంత ఖర్చు వరకూ అయితే ఫోన్ చెయ్యకుండా చేసెయ్యమంటారా అని."

ఇది నాకెప్పుడూ తట్టలేదు. నా లిఫ్ట్ ఐడియా కన్నా చాలా చవక. లిఫ్ట్ ఎక్కిస్తే బండికి పది నిమిషాలు, అదీ వరస నిలబడ్డ వేళ. ఇతని ప్రశ్నకి అర నిమిషం చాలు. "ఇంకా?" అని మళ్ళీ అడిగితే ఇంకొకటి వచ్చింది: ఏ టైముకి ఫోన్ ఎత్తగలరో, ఎత్తకపోతే ఇంట్లో ఎవరికి చెయ్యాలో అప్పుడే రాసుకోవడం.

అప్పుడు ఒక్కోదాన్నీ తూచాం. "ఇది చేస్తే ఏం లాభం, ఏం పోతుంది?" అందరికీ ఆరున్నర అంటే పొద్దున వరస కదలదు, అతనే కొట్టేశాడు. కొత్త అడ్వైజర్ అతని చేతిలో లేదు, ఈ ఏడాది నా చేతిలో కూడా లేదు, ఆ మాటే చెప్పేశాను. ఒప్పుకోలు పరిమితిలో ప్రమాదం ఏంటని అడిగితే, "బిల్లు చూసి నేనెప్పుడన్నాను అంటారు" అన్నాడు. దానికి విరుగుడూ అతనే చెప్పాడు, జాబ్ కార్డు మీద రాసి సంతకం పెట్టించడం. నా లిఫ్ట్ సంగతి చివర్లో చెప్పాను. మర్యాదగా విని, "రద్దీ లేని రోజు చేద్దాం సార్" అన్నాడు. అంటే వద్దని. బాగానే అనిపించింది.

ఈ దశలో నేను మళ్ళీ మళ్ళీ వాడే ప్రశ్న ఆ "ఇంకా?" ఒక్కటే. మొదటి మూడూ అందరూ చెప్పేవే అయుంటాయి, అసలుది ఆ తరవాత వస్తుంది. మరీ ఆగిపోతే, "నీ చోట పక్క కౌంటర్ అతనుంటే ఏం చేసేవాడు?" అనో, "నన్ను అడగక్కర్లేదనుకో, రేపు ఏం మారుస్తావు?" అనో కదుపుతాను.

విల్: "ట్రై చేస్తాను సార్"

"అయితే ఏం చేస్తావు?"

"వాట్సాప్ ఫోటో, పరిమితి, రెండో నంబరు. మూడూ ట్రై చేస్తాను సార్."

"ట్రై చేస్తాను", "చూద్దాం సార్" అన్నవి మన భాషలో కాదని చెప్పే మర్యాదైన మాటలు. అందుకని రోజు, బండి, మనిషి తేలేదాకా అడుగుతాను. "మొదట ఏ రోజు?" సోమవారం. "ఎన్ని బండ్లకి?" అన్నిటికీ అన్నాడు. పొద్దున వరస గుర్తుచేస్తే తనే తగ్గించి మొదటి ఆరు బండ్లకి అన్నాడు. "ఎవరికి ముందు తెలియాలి?" ఇద్దరు మెకానిక్‌లకి, ఫ్లోర్ కంట్రోలర్‌కి. "ఎవరు చెప్తారు?" తనే చెప్తానన్నాడు, శనివారం సాయంత్రం.

ఆ తరవాత అంకె అడిగాను. "పదికి ఎంత నమ్మకం ఉంది, సోమవారం ఇది జరుగుతుందని?"

"ఆరు సార్."

"ఆరు అన్నావు, నాలుగు అనలేదు. ఏం చూసి?" అని ముందు అడగాలి. అప్పుడు తన బలం తనే చెప్తాడు. మెకానిక్‌లు తన మాట వింటారని, కస్టమర్లు సంతకానికి వెనకాడరని చెప్పాడు. "మరి ఎనిమిది కావాలంటే ఏం మారాలి?"

ఇక్కడ అసలు ముడి వీడింది. తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా సెంటర్ ల్యాండ్‌లైన్ అతని కౌంటర్ మీదే మోగుతుందట. అపాయింట్‌మెంట్ల ఫోన్లన్నీ అతనే ఎత్తుతున్నాడు. ఒక చేత్తో ఫోన్, ఇంకో చేత్తో జాబ్ కార్డు పట్టుకుని పరిమితి గురించి వివరంగా మాట్లాడటం ఎలా కుదురుతుంది? ఆ ఏర్పాటు రెండేళ్ళ కిందట నేను చేసిందే, మర్చిపోయాను. ఆ గంటసేపు ఫోన్ బిల్లింగ్ దగ్గరకి మార్చే పని నాది అని రాసుకున్నాం. నమ్మకం ఎనిమిదికి వచ్చింది. ఏడు దాటకపోతే నేను లేవను, పనినే ఇంకాస్త చిన్నది చేస్తాను.

ఒప్పుకున్నవన్నీ అతని చేత్తోనే ఒక కాగితం మీద రాయించాను. నేను రాస్తే అది మెమో అయ్యేది.

తరవాత నాలుగు వారాలు

ప్రతి శనివారం పది నిమిషాలు కూర్చున్నాం. మూడే ప్రశ్నలు: ఏం చేశావు, ఏం జరిగింది, ఏం మారుద్దాం. మొదటి వారం ఆరు బండ్లన్నాడు గానీ రోజుకి మూడుకి మించి కుదరలేదు. రెండో వారం ఒక గొడవ. ఒకాయన రెండు వేల దాకా సరేనని సంతకం పెట్టి, వైపర్ బ్లేడ్లూ ఏసీ ఫిల్టరూ కలిపి పద్దెనిమిది వందల యాభై బిల్లు చూసి, "నేనన్నది బ్రేకుల కోసం" అన్నారు. ఆయన చెప్పిందీ సబబే. అప్పటినుంచి పరిమితి పక్కన దేనికి అన్నది కూడా రాస్తున్నాడు: బ్రేకులు, సస్పెన్షన్ లాంటి భద్రతకి సంబంధించిన పనులు మాత్రమే. మిగతావాటికి ఫోన్.

ఇదే ఊపులో ఒక తప్పు నేనూ చేశాను. వారంటీ క్లెయిములు చూసే కొత్త కుర్రాడు ఒక క్లెయిమ్ తిరిగొచ్చిందని వస్తే, "నీ దగ్గర ఏ ఆప్షన్లున్నాయి?" అని అడిగాను. అతని మొహం వాడిపోయింది. అతనికి రూల్సే తెలియవు, ఇంక ఆప్షన్లు ఎక్కణ్ణించి వస్తాయి? పక్కన కూర్చోబెట్టుకుని, పాత భాగం మీద ట్యాగ్ ఎలా కట్టాలో, ఏ ఫోటోలు జతచేయాలో చూపించాను. తెలియనివాడికి నేర్పాలి, తెలిసీ ఆగిపోయినవాణ్ణి అడగాలి. డబ్బు తేడాలూ, చెప్పాపెట్టకుండా మానెయ్యడాలూ ఈ రెండింటిలోకీ రావు, వాటికి నేరుగా మాట్లాడాల్సిందే.

నాలుగో వారం చివర మళ్ళీ వరసగా ఇరవై కార్డులు తెచ్చాడు. గేట్ పాస్‌లతో పోల్చి చూస్తే పద్నాలుగు టైముకి వెళ్ళాయి. అనుకున్న పదహారు కాలేదు. మిగిలిన ఆరూ నేను అడక్కముందే గుట్టలు పెట్టాడు. ఒప్పుకోలు దగ్గర ఆగింది ఒకటి, విడిభాగాలు ఒకటి, వాషింగ్ దగ్గర నాలుగు. లిఫ్ట్ మీద నుంచి బండ్లు తొందరగా దిగుతున్నాయి కాబట్టి నాలుగింటికల్లా అన్నీ కలిసి వాషింగ్ ముందు నిలబడుతున్నాయి. అక్కడ ఉన్నది ఒకటే ర్యాంపు, ఇద్దరే మనుషులు.

ఆ నాలుగు కార్డులూ సర్ది, టేబుల్ మీదుగా నా వైపు జరిపాడు. "ఇది మీ గుట్ట సార్" అన్నాడు.